నవంబరు చేజారితే గడువు ఎంత అడగాలి?

పరిశోధనకు డబ్బిచ్చిన సంస్థను గడువు పెంచమని కోరే ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించే మాట 'అనివార్య కారణాల వల్ల'. ఆ వెంటే 'ఆరు నెలలు' అని ఉంటుంది. ఆరే ఎందుకో ఉత్తరంలో ఎక్కడా ఉండదు. చదివే అధికారికి కావలసింది మాత్రం సరిగ్గా అదే.

ఒక ఉదాహరణ చూద్దాం. అనంతపురం జిల్లాలో నలభై బోరుబావుల్లో వాన వల్ల నీటిమట్టం ఎంత పెరుగుతుందో తేల్చే ప్రాజెక్టు అది. వానలకు ముందు మేలో ఒకసారి, వానలు వెనకబట్టాక నవంబరులో ఒకసారి నీటిమట్టం కొలవాలి. నివేదిక మార్చి 31కి ఇవ్వాలి. సెప్టెంబరులో ప్రాజెక్ట్ అసిస్టెంట్ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ప్రకటన, ఇంటర్వ్యూలు అయ్యి కొత్త మనిషి చేరేసరికి డిసెంబరు వచ్చింది. మనిషి లేనిది మూడు నెలలే కదా, గడువు కూడా మూడు నెలలు పెంచితే చాలదా అనిపిస్తుంది. చాలదు. పోయిన నవంబరు మళ్లీ ఏడాదికి గాని రాదు. పైగా నిరుటి మే కొలతను ఈ ఏటి నవంబరు కొలతతో జతచేసి, తేడా అంతా ఈ ఏటి వాన వల్లే అనడం కుదరదు. మే కొలతలు కూడా మళ్లీ తీయాలి.

ఇదంతా ఉత్తరంలో రాయాలి. రాజీనామా, నియామక ప్రకటన, కొత్త మనిషి చేరిన తేదీ తెలిపే కాగితాలు జతచేయాలి. 'అసిస్టెంట్ లేకపోతే మీరే కొలవచ్చుగా?' అన్న ప్రశ్న తప్పక వస్తుంది. అందుకే జవాబు ముందే చెప్పడం మేలు: 'తరగతులు లేని రోజుల్లో నేనే వెళ్లి పద్దెనిమిది బావులు కొలిచాను. మిగతా ఇరవై రెండు మిగిలిపోయాయి.'

ఇక సవరించిన పని ప్రణాళిక. ఏప్రిల్‌లో బావులు ఇంకా పనిచేస్తున్నాయో లేదో చూడాలి. మేలో కొలతలు తీయాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా మ్యాపులు, పాత కొలతలతో రాయగలిగిన అధ్యాయాలు పూర్తిచేయాలి. నవంబరులో మళ్లీ కొలతలు, డిసెంబరులో విశ్లేషణ, జనవరి 31కి నివేదిక. అడిగే గడువు పది నెలలు. ఈ అంకె పనిలోంచి పుట్టింది కాబట్టి అధికారి దాన్ని తేదీలతో సరిచూసుకోగలడు.

చాలా ఉత్తరాలు తడబడేది డబ్బు దగ్గర. పొడిగింపు సాధారణంగా అదనపు నిధులు లేకుండానే ఇస్తారు. మరి పది నెలల జీతం ఎక్కడిది? అసిస్టెంట్ లేని నెలల జీతం మిగిలింది. దాన్ని ఏప్రిల్, మే, నవంబరు నెలలకే సర్దుతామని, మిగతా నెలల పని ప్రధాన పరిశోధకురాలే చేస్తుందని రాయాలి. ఖర్చుల లెక్కతో పాటు అప్పటిదాకా వాడిన డబ్బుకు వినియోగ ధ్రువపత్రం, అంటే యూసీ, జతచేయాలి.

ఉత్తరం ప్రిన్సిపాల్ సంతకంతో, గడువు ముగియకముందే చేరాలి. కొత్త మనిషి చేరిన డిసెంబరులోనే పంపితే, సంస్థ ఒప్పుకోకపోయినా మార్చి 31కి ఆ పద్దెనిమిది బావుల కొలతలతోనైనా పరిమిత నివేదిక రాసే వ్యవధి మిగులుతుంది. ఆ మాట కూడా ఉత్తరంలోనే చెప్పాలి.