పిల్లర్ నెత్తిన మిగిలిన ఊచలు

మన ఊళ్లలో ఏ డాబా ఎక్కినా పిల్లర్ల నెత్తిన ఇనుప ఊచలు నిలబడి కనిపిస్తాయి. ఎప్పుడో ఒకప్పుడు పై అంతస్తు వేద్దామని వదిలినవి. తీరా ఆ రోజు వచ్చి టేపు పెట్టి చూస్తే, అడుగో అడుగున్నరో మించవు. కొత్త ఊచను పక్కన నిలబెట్టి, నాలుగుచోట్ల బైండింగ్ వైరు చుట్టి, మేస్త్రి పని కానిచ్చేస్తాడు.

వైరు బిగించాక ఊచ కదలకపోవడం చూసి యజమాని సంతోషపడతాడు. నిజానికి ఆ వైరు పని కాంక్రీటు పోసేదాకానే. ఆ తర్వాత కింది ఊచ మీద పడ్డ బలం చుట్టూ ఉన్న కాంక్రీటులోకి వెళుతుంది, అక్కడినుంచి పై ఊచకు చేరుతుంది. ఊచ ఒంటి మీద ఉబ్బెత్తుగా ఉండే గీతలు అందుకే. అంగుళం అంగుళానికి కాంక్రీటు పట్టగలిగే బలం కొంతే కాబట్టి, మొత్తం బలం చేతులు మారాలంటే రెండు ఊచలూ తగినంత పొడవునా పక్కపక్కన నడవాలి. ఆ పొడవే ల్యాపు.

ఎంత పొడవు? భారతీయ ప్రమాణం ఐఎస్ 456 సూత్రం ప్రకారం, ఎం20 కాంక్రీటులో ఎఫ్ఈ 500 ఊచకు లాగుడు తగిలేచోట దాని మందానికి సుమారు 57 రెట్లు కావాలి. చిన్న ఇళ్లలో వాడే 12 మిల్లీమీటర్ల ఊచకైతే 684 మిల్లీమీటర్లు, అంటే రెండుంపావు అడుగులు. బరువు నిటారుగా నొక్కుతున్నంతకాలం 45 రెట్లు చాలు. కానీ భూమి కదిలినప్పుడు పిల్లర్ వంగుతుంది, ఒక పక్క ఊచలు సాగదీతకు గురవుతాయి. అందుకని పెద్ద లెక్కే పట్టుకోవడం మంచిది. సైట్లలో వినిపించే ‘50 రెట్లు’ అన్న మాట ఈ కాంక్రీటుకు కాస్త తక్కువే. ఇక అడుగు ల్యాపంటే సగం కూడా కాదు.

ఎక్కడ వేయాలన్నది ఇంకో చిక్కు. పిల్లర్‌కు ఎక్కువ వంపు వచ్చేది స్లాబుకు ఆనుకున్న పైకొసలోనూ కిందికొసలోనూ. మనవాళ్లు అతుకు పెట్టేదీ సరిగ్గా స్లాబు మీదే! భూకంప ప్రమాణం ఐఎస్ 13920 పిల్లర్ నడిమి సగంలోనే ల్యాపు వేయమంటుంది. తొమ్మిది అడుగుల పిల్లర్‌లో ఆ భాగం స్లాబు నుంచి రెండుంపావు అడుగుల ఎత్తులో మొదలవుతుంది. అక్కడ రెండుంపావు అడుగుల ల్యాపు కావాలంటే, పాత ఊచ స్లాబు పైన కనీసం నాలుగున్నర అడుగులు ఉండాలి. అన్ని ఊచలకూ ఒకే ఎత్తులో అతుకు పడకూడదు. ఒకచోట సగానికి మించి వద్దు. ల్యాపు పొడవునా రింగులు నాలుగు అంగుళాలకొకటి ఉండాలి. బీములో కింది ఊచకు నడిమధ్యన, పై ఊచకు పిల్లర్ దగ్గర అతుకు వేయకపోవడం మేలు, లాగుడు ఎక్కువగా ఉండేది అక్కడే కనుక.

ఇంత పొడవు ల్యాపునూ దండగ చేసేది పల్చటి కవరు. ఊచకూ బయటి ముఖానికీ మధ్య ఉండే కాంక్రీటు మందమే అది. ఊచ లాగినప్పుడు దాని గీతలు కాంక్రీటును బయటికి నెడతాయి. కవరు పల్చనైతే ల్యాపు వెంబడే నిలువు బీట పడి పట్టు జారిపోతుంది.

తుప్పు సంగతీ ఇక్కడే ఉంది. సిమెంటులోని క్షారగుణం ఉన్నంతకాలం ఇనుము తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ గుణాన్ని బయటినుంచి మెల్లగా తినేస్తూ లోపలికి వస్తుంది. ఎంత లోతుకు పోతే అంత నెమ్మదిస్తుంది. అందుకే కవరు సగమైతే రక్షణ కాలం సగం కాదు, దాదాపు నాలుగోవంతుకు పడిపోతుంది. తుప్పు ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. సముద్రపు ఉప్పుగాలి నేరుగా తగిలే ఇళ్లకు ప్రమాణం 45 మిల్లీమీటర్ల కవరు అడుగుతుంది.

మామూలు తొమ్మిది అంగుళాల పిల్లర్‌లో నిలువు ఊచకు 40 మిల్లీమీటర్ల కవరు ఉండాలి. ఎనిమిది మిల్లీమీటర్ల రింగు వెడల్పు ఆ లెక్కన బయటి కొలతకు ఆరున్నర అంగుళాలు. అదే రింగును ఏడున్నరగా వంచితే కవరు 28కి దిగిపోతుంది. పంజరం ఒక పక్కకు జరిగితే ఆ కాస్తా ఉండదు. కాబట్టి కవరు తప్పు పుట్టేది కాంక్రీటు పోసిన రోజు కాదు, రింగులు వంచిన రోజున. నాపరాయి ముక్కలు దోపితే వైబ్రేటర్ తగలగానే రాలిపోతాయి. సిమెంటుతో పోసి, వైరు గుచ్చి, బాగా తడిపిన కవర్ బ్లాకును రింగుకే కట్టాలి. పోత ముందు సెంట్రింగ్ పెట్టెలోకి పైనుంచి టార్చి వేసి చూస్తే, నాలుగువైపులా సందు సమానంగా ఉందో లేదో కంటికే తెలిసిపోతుంది.