స్క్రీన్ మీద కనబడని నామినీ

ఒక బ్యాంకు శాఖ ఎలాంటిదో డబ్బు వేయడానికి వెళ్తే తెలియదు. ఆ పని ఇప్పుడు ఫోన్‌లోనే అయిపోతోంది. ఇంట్లో మనిషి పోయాక, ఆ మనిషి ఖాతాలో మిగిలిన డబ్బు కోసం వెళ్తే తెలుస్తుంది. కౌంటర్‌లో ఉన్నవాళ్లకు అది రోజూ తగిలే పని కాదు. వెళ్లినవాళ్లకు జన్మలో ఒకటి రెండుసార్లు పడే పని. ఇద్దరికీ అలవాటు లేని చోటే ఎవరికి ఎంత తెలుసో బయటపడుతుంది.

బాబాయి పోయాక, కర్మకాండలన్నీ ముగిసి, మున్సిపాలిటీ నుంచి మరణ ధ్రువపత్రం చేతికొచ్చాక పిన్నికి తోడుగా గుంటూరు జిల్లాలోని ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖకు వెళ్లాను. పనులు రెండు. పిన్ని, బాబాయిల ఇద్దరి పేర్ల మీద ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. బాబాయి ఒక్కరి పేరు మీద సేవింగ్స్ ఖాతా ఉంది, అందులో సుమారు 3 లక్షలు. ఆ ఖాతాకు నామినీ పిన్నే. ఈ డబ్బు గురించి చుట్టాలిచ్చిన సలహా ఒకటే: ‘బాబాయి ఏటీఎం కార్డు ఉందిగా, రోజుకింత తీసేసుకుంటే పోలా?’ పోదు. ఖాతాదారు మరణించాక ఆ కార్డు వాడే హక్కు ఎవరికీ లేదు. రేపు మిగతా వారసుల్లో ఒకరు అడిగితే, తీసిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పుకోవాల్సింది పిన్నే.

ముందు నిరీక్షణ సంగతి. మేం వెళ్లింది రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చిన తర్వాతి సోమవారం. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు కాబట్టి ఆ మరుసటి సోమవారం ఏ శాఖ చూసినా తిరునాళ్లే. టోకెన్ యంత్రం ఉంది గానీ దానిలో ‘క్లెయిమ్’ అనే మీటే లేదు. నగదు, పాస్‌బుక్, రుణం, ఇతరములు. మేం ఇతరములం. గంటన్నర కూర్చున్నాక మా నంబరు పిలిచారు. ఆ కౌంటర్‌లోని అమ్మాయి కాగితాలు చూసి, ‘ఇది నా దగ్గర కాదండీ, లోపల ఆఫీసర్ గారి దగ్గర’ అంది. ఆ మాట మొదటి పది నిమిషాల్లో చెప్పగలిగిన మనిషి ఉండాల్సిన చోట ఒక బల్ల ఉంది, దాని మీద ‘మే ఐ హెల్ప్ యూ’ బోర్డు ఉంది, వెనకాల కుర్చీ ఖాళీ. మరీ చిన్న శాఖలు మినహా అన్నిచోట్లా ఆ కౌంటర్ నడపాలని రిజర్వు బ్యాంకు ఏనాడో చెప్పింది. బోర్డు పెట్టడంతో ఆ ఆదేశాన్ని పాటించినట్టే అనుకున్నారు కాబోలు. నిరీక్షణలో ఈ శాఖకు నేనిచ్చే మార్కులు చాలా తక్కువ. జనం ఎక్కువైనందుకు కాదు, వేరే చోటికి వెళ్లాల్సిన మనిషిని గంటన్నర కూర్చోబెట్టినందుకు.

ఫిక్స్‌డ్ డిపాజిట్ పని చకచకా అయిపోయింది. ఇద్దరిలో బతికున్నవారికి చెల్లించాలన్న షరతుతోనే అది మొదలైంది కాబట్టి మరణ ధ్రువపత్రం నకలు, పిన్ని ఆధార్ తీసుకుని బాబాయి పేరు తొలగించారు. గడువు దాకా ఉంచుకుంటారా, ఇప్పుడే తీసేసుకుంటారా అని అడిగారు. డిపాజిటర్ మరణించిన సందర్భంలో గడువుకు ముందు తీసుకున్నా జరిమానా కోత ఉండదని ఆఫీసర్ తనంతట తానే చెప్పారు. అడగకుండా చెప్పిన ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

చిక్కంతా సేవింగ్స్ ఖాతా దగ్గరే వచ్చింది. ఆయన ఖాతా తెరిచి చూసి, ‘నామినీ లేరమ్మా’ అన్నారు. వెంటనే జాబితా చదివారు: తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండు, ఇద్దరు జామీనుదారులు, పిల్లలిద్దరూ వచ్చి సంతకాలు పెట్టాలి. పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఆవిడ మొహం పాలిపోయింది.

‘ఆయనే నా పేరు రాయించానని చెప్పారండీ’ అంది.

‘సిస్టంలో లేదమ్మా, నేనేం చేయను?’

అబద్ధమేమీ కాదు. ఆయన స్క్రీన్ మీద నామినీ గడి ఖాళీగానే ఉంది. అప్పుడు పాస్‌బుక్ తెరిచి చూశాం. కొత్తదాంట్లో ఏమీ లేదు. పిన్ని సంచిలో పాత పాస్‌బుక్ కూడా ఉంది, చేత్తో రాసే రోజులది, అంచులు చివికిపోయి. మొదటి పేజీలో వంకాయరంగు సిరాతో వంకరగా కొట్టిన ముద్ర: ‘నామినేషన్ రిజిస్టర్డ్’. కింద ఒక వరుస సంఖ్య, ఒక పొట్టి సంతకం. కథంతా ఆ ముద్రలోనే ఉంది. ఒకప్పుడు నామినేషన్ వివరాలు శాఖలో ఒక లావుపాటి రిజిస్టరులో ఉండేవి. శాఖలన్నీ కంప్యూటర్‌లోకి మారినప్పుడు నిల్వలు, వడ్డీలు జాగ్రత్తగా ఎక్కించారు. నామినేషన్లు అన్నిచోట్లా అంత శ్రద్ధగా ఎక్కలేదు. డబ్బు లెక్క తేడా వస్తే ఆ సాయంత్రానికే దొరికిపోతుంది. నామినీ గడి ఖాళీగా ఉంటే ఖాతాదారు పోయేదాకా ఎవరికీ తెలియదు.

అందుకే సిబ్బంది పరిజ్ఞానం మీద నా తీర్పు రెండు ముక్కలుగా ఉంది. స్క్రీన్‌ను నమ్మినందుకు ఆ ఆఫీసర్‌ను తప్పుపట్టను. తప్పుపట్టేది ఆయన చదివిన జాబితాను. నామినీ నిజంగా లేరనే అనుకుందాం. అప్పుడు కూడా 3 లక్షలకు ఇద్దరు జామీనుదారులెందుకు? 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం నామినీ లేని ఖాతాల్లోనూ 15 లక్షల దాకా (సహకార బ్యాంకుల్లో 5 లక్షల దాకా) సులభ పద్ధతే పాటించాలి. వారసులు ఇచ్చే ఇండెమ్నిటీ బాండు, డబ్బు కోరని వారసుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రం లాంటివి తీసుకుంటారు, బయటివారి జామీను అక్కర్లేదు. ఈ ఆదేశాలను 2026 మార్చి 31లోగా అన్ని బ్యాంకులూ అమలు చేయాలని గడువు పెట్టారు. ఆయన చదివింది పాత అలవాటు ప్రకారం చదివిన జాబితా.

ఇక నామినీ ఉంటే సంగతే వేరు. క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు, చిరునామా రుజువు. ఈ మూడే. మొత్తం ఎంతైనా సరే వారసత్వ ధ్రువపత్రం గానీ, బాండు గానీ, జామీను గానీ అడగకూడదు. ఇది కొత్తగా వచ్చిన దయ కాదు, 2005 నుంచీ ఉన్న నియమం. దీనికి కారణమూ ఉంది. నామినీకి చెల్లించడంతో బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. అలాగని నామినీ ఆ డబ్బుకు సొంతదారు అయిపోరు. వారసుల తరఫున తీసుకున్నట్టే లెక్క, వాటాల సంగతి ఇంట్లో తేల్చుకోవాలి, తేలకపోతే కోర్టులో. ఆ తగవు బ్యాంకుది కాదు గనక బ్యాంకుకు అన్ని కాగితాలూ అక్కర్లేదు.

కాగితాల స్పష్టత గురించి చెప్పాలంటే, చేతికిచ్చిన ఫారం చూస్తే లాయరుకైనా తల తిరుగుతుంది. నామినీ ఉన్నవారికీ, లేనివారికీ కలిపి ఒకటే కట్ట. అంతా ఇంగ్లిషులో. ఏ పేజీ ఎవరు నింపాలో ఎక్కడా లేదు, ‘వర్తించనిది కొట్టివేయండి’ అని మాత్రం పేజీకొకసారి ఉంది. ఏది వర్తించదో తెలిస్తే ఆ మనిషి ఇక్కడిదాకా వచ్చి అడుగుతుందా? బాండు నమూనా కూడా అందులోనే ఉండటంతో అందరూ దాన్ని నింపాలనే అనుకుంటారు. నాకు ముందు కూర్చున్న ఒక పెద్దాయన, కూతురు నామినీ అయి ఉండి కూడా, స్టాంపు పేపరు కొని నోటరీ చేయించుకుని వచ్చారు. నాలుగు అంశాల్లో అన్నిటికంటే అధ్వానం ఇదే.

సమస్య తీరిన తీరు మాత్రం చెప్పుకోదగ్గది. పాత పాస్‌బుక్ పట్టుకుని మేనేజర్ గదిలోకి వెళ్లాం. ఆవిడ ముద్ర కింది సంఖ్యను ఒక చీటీ మీద రాసి, అటెండర్‌ను పిలిచి రికార్డు గదిలోంచి నామినేషన్ రిజిస్టరు తెమ్మన్నారు. దుమ్ము దులిపి తెచ్చాక ఆ సంఖ్య ఎదురుగా బాబాయి ఖాతా, నామినీగా పిన్ని పేరు, ‘భార్య’ అని దొరికాయి. మళ్లీ ఒక మెలిక. రిజిస్టరులో పిన్ని పేరుకు ముందు ఇంటిపేరు పొడి అక్షరం మాత్రమే ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. తెలుగువాళ్లకు బ్యాంకుల్లో ఎదురయ్యే పేచీల్లో సగం ఈ పొడి అక్షరాలవే. ఆఫీసర్ మళ్లీ అఫిడవిట్ మాట ఎత్తబోయారు. మేనేజర్ ఆపి, ఆధార్‌లో భర్త పేరు చూసి, ఇద్దరి ఉమ్మడి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్న సంతకంతో పోల్చుకుని, ‘రెండు పేర్లూ నావే’ అని తెల్లకాగితం మీద పిన్ని చేత రాయించుకున్నారు. తెలుగులోనే రాసింది, తెలుగులోనే సంతకం చేసింది.

లేవబోతుంటే రసీదు అడిగాం. ఏయే కాగితాలు ఏ తేదీన తీసుకున్నారో రాసి, శాఖ ముద్ర వేసి ఇవ్వమన్నాం. మొదట ‘ఎందుకండీ, మేం చూసుకుంటాంగా’ అన్నారు గానీ, ఇచ్చారు. ఆ తేదీకి విలువ ఉంది. అన్ని కాగితాలూ అందిన నాటి నుంచి 15 రోజుల్లో క్లెయిమ్ తేల్చాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే కొత్త ఆదేశాల ప్రకారం బ్యాంక్ రేటుకు 4 శాతం కలిపి పరిహారం కట్టాలి. బ్యాంక్ రేటు 5.5 శాతం అనుకుంటే, 3 లక్షలకు 60 రోజుల ఆలస్యానికి దాదాపు 4,700 రూపాయలు. రసీదు లేకపోతే ఆలస్యం ఎప్పుడు మొదలైందో రుజువు చేయలేం. పిన్నికి ఆ అవసరం రాలేదు, గడువులోపే డబ్బు ఆవిడ ఖాతాలో పడింది.

పడకపోతే చేయాల్సిందీ ఉంది. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

మొత్తం మీద ఆ శాఖను గట్టెక్కించింది పద్ధతి కాదు, ఒక మేనేజర్. ఆవిడ బదిలీ అయితే మళ్లీ జామీనుల జాబితానే చదువుతారని నా అనుమానం. పిన్ని పాత పాస్‌బుక్ పారేసి ఉంటే ఆవిడ కూడా ఏమీ చేయలేకపోయేవారు.

కాబట్టి మీ ఇంట్లో పాత ఖాతాలున్నవాళ్లు ఈసారి బ్యాంకుకు వెళ్లినప్పుడు ‘నామినీ ఉన్నారా’ అని అడిగి ఊరుకోకండి. స్క్రీన్ మీద ఏ పేరు కనబడుతోందో చదివి చెప్పమనండి, ఇంటిపేరుతో సహా ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అక్కడే నామినేషన్ ఫారం నింపండి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. నింపాక ముద్ర వేసిన రసీదు తీసుకుని, దాన్ని ఎక్కడ దాచారో ఆ నామినీకి చెప్పండి.