మొత్తాలు కలిశాయి, పేర్లే కలవలేదు

గుంటూరులో ఒక పురుగుమందుల హోల్‌సేల్ దుకాణం ఉందనుకుందాం. చుట్టుపక్కల ఊళ్ల చిల్లర వ్యాపారులు అక్కడ అరువు మీద సరుకు తీసుకెళ్లి, చేతిలో డబ్బు ఆడినప్పుడు బాకీ కడుతుంటారు. బీకాం అయ్యాక పని నేర్చుకోవడానికి చేరిన ఒక అమ్మాయికి జూన్ నెల రసీదు పుస్తకం ఇచ్చి, అందులోని కార్బన్ కాపీలను క్యాష్‌బుక్‌తో సరిచూసి టిక్కులు పెట్టమన్నారు.

ఓనరుకి ఏ అనుమానమూ లేదు. క్యాష్‌బుక్‌లో రాసిన వసూళ్లు, బ్యాంకులో పడిన డబ్బు ప్రతి నెలా రూపాయి తేడా లేకుండా సరిపోతున్నాయి. క్యాషియరు పాతవాడు, పండక్కి కూడా సెలవు పెట్టడు. డబ్బు తీసుకునేదీ, రసీదు రాసేదీ, ఖాతాల్లో జమ వేసేదీ ఆయనే.

మొదటి తేడా చిన్నది. జూన్ 3న తెనాలి దుకాణం రూ.18,000 నగదు కట్టినట్టు రసీదు ఉంది. క్యాష్‌బుక్‌లో మాత్రం అది 6వ తేదీన పడింది. అడిగితే క్యాషియరు, "ఆ రోజు పొద్దుపోయాక వచ్చిందమ్మా, తర్వాత రాశా" అన్నాడు. అలా జరగడానికి వీలుంది కూడా.

తర్వాతి రసీదు దగ్గర ఆ సమాధానం నిలబడలేదు. 6వ తేదీన నరసరావుపేట దుకాణం రూ.25,000 నగదు ఒకేసారి కట్టింది. క్యాష్‌బుక్‌లో ఆ రోజు వాళ్ల పేరిట పడింది రూ.7,000 మాత్రమే. మిగతా రూ.18,000 పదో తేదీన కనిపించింది. ఒక్కసారి చేతికొచ్చిన డబ్బు రెండు తేదీల్లో ఎలా జమవుతుంది?

పదో తేదీన చిలకలూరిపేట దుకాణం ఇచ్చిన రూ.30,000 చెక్కుతో గుట్టు బయటపడింది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ రోజు పడింది ఆ ఒక్క చెక్కే. క్యాష్‌బుక్ మాత్రం అదే రూ.30,000ను నరసరావుపేటకు 18, చిలకలూరిపేటకు 12 వేలుగా చూపిస్తోంది. చిలకలూరిపేట వ్యాపారి నరసరావుపేటవాళ్ల బాకీ తీర్చడు కదా.

జరిగింది ఇదీ. 3న వచ్చిన రూ.18,000 క్యాషియరు జేబులోకి వెళ్లింది. తెనాలివాళ్లు అడగకముందే వాళ్ల ఖాతా సరిచేయాలి కాబట్టి నరసరావుపేట డబ్బులోంచి అంత తీసి వాళ్ల పేరిట వేశాడు. ఆ లోటును చిలకలూరిపేట చెక్కుతో పూడ్చాడు. దీన్నే ల్యాపింగ్ అంటారు. పోయిన డబ్బు పోయినట్టే ఉంటుంది, లోటు మాత్రం ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి జరుగుతూ పోతుంది. బ్యాంకు లెక్క తప్పకపోవడానికి కారణమూ ఇదే: 6న వచ్చిన 25 వేలూ, పదిన వచ్చిన 30 వేలూ పూర్తిగా బ్యాంకుకు చేరాయి. అబద్ధమంతా ఎవరి పేరు పక్కన ఎంత రాశారన్న దాంట్లోనే ఉంది. ఆ మూడు రసీదులూ కూడితే రూ.73,000, క్యాష్‌బుక్‌లో వాటికి పడింది రూ.55,000. తేడా సరిగ్గా 18 వేలు. ఈ కూడిక అంతకుముందు ఎవరూ వేయలేదు.

ఆలస్యంగా రాసిన ప్రతి పద్దూ మోసం కాదు. శనివారం సాయంత్రపు వసూలు సోమవారం ఎక్కవచ్చు, ఒకరి డబ్బు పొరపాటున మరొకరి ఖాతాలో పడవచ్చు. కానీ పొరపాటు దిద్దితే అక్కడితో అయిపోతుంది. ఇక్కడ అదే మొత్తం వరసగా ఒకరి తర్వాత ఒకరి ఖాతాలో తక్కువవుతోంది. ఆ అమ్మాయి క్యాషియరుతో వాదించకుండా, మూడు రసీదుల తేదీలూ మొత్తాలూ ఒక కాగితం మీద రాసుకుని నేరుగా ఓనరుకి చూపించింది. నా దృష్టిలో టిక్కులు పెట్టడం కన్నా తెలివైన పని అదే. ముందే తెలిస్తే రసీదు పుస్తకాలు మాయమయ్యేవి.

ఓనరు ఆ రోజే ఖాతాదారులందరికీ తానే ఫోన్ చేసి, తమ లెక్క ప్రకారం ఎంత బాకీ ఉందో అడిగాడు. అప్పటిదాకా బాకీ వివరాలు పంపుతూ వచ్చింది కూడా క్యాషియరే. ఇలా నేరుగా అడగడం ఎందుకంటే, క్యాషియరు రసీదే ఇవ్వకుండా, లేదా దొంగ రసీదు పుస్తకం వాడి డబ్బు తీసుకుని ఉంటే కార్బన్ కాపీల్లో ఏమీ దొరకదు. అది కట్టినవాళ్ల లెక్కలోనే తేలాలి.

ఇక ఆ సెలవు సంగతి. లోటును రోజూ జరుపుతూ ఉండాలి కాబట్టి ఇలాంటివాళ్లు సీటు వదలరు, వారం పాటు మరొకరు ఆ పుస్తకం రాస్తే గొలుసు తెగిపోతుంది. బ్యాంకుల్లో కీలకమైన స్థానాల్లో ఉన్నవాళ్లను ఏటా ఒకే విడతలో కనీసం 10 పనిదినాలు, ముందుగా చెప్పకుండా, తప్పనిసరి సెలవు మీద పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది కూడా ఇలాంటివి బయటపడాలనే. హోల్‌సేల్ దుకాణానికి అలాంటి నిబంధనేదీ లేదు. అక్కడ డబ్బు తీసుకునే మనిషినీ ఖాతా రాసే మనిషినీ వేరు చేయాల్సింది ఓనరే.