అతుకు కనపడని ఐదు నిమిషాలు

పోచంపల్లిలో ఒక నేతన్నను గంటసేపు ఇంటర్వ్యూ చేశారనుకుందాం. కావాల్సింది ఐదు నిమిషాల కథ. మంచి ఎడిటర్ ముందు బొమ్మ జోలికి పోడు, మాటలే వింటాడు. అంతా టైమ్‌కోడ్‌తో సహా రాసుకుని, కళ్లు మూసుకుని విన్నా కథ అర్థమయ్యేలా వాక్యాలు ఏరి పేరుస్తాడు.

అసలు చిక్కు అతుకుల దగ్గరే. "ఆసు పోసేది మా అమ్మే" అన్న మాట 12వ నిమిషంలో ఉంది. "సాయంత్రానికి భుజం లేచేది కాదు" అన్నది 40వ నిమిషంలో. రెండూ కలిపితే మనిషి తల ఉన్నట్టుండి పక్కకు గెంతుతుంది. ఇదే జంప్ కట్. దాని మీద బీ-రోల్, అంటే ఆసు మేకుల చుట్టూ దారం తిప్పే చేతుల క్లోజప్ వేస్తారు. ఆ షాట్ సరిగ్గా అతుకు దగ్గరే మొదలైతే దాపరికం తెలిసిపోతుంది. "అమ్మే" అనకముందే చేతులు కనపడాలి, "భుజం" అన్నాక ముఖం తిరిగి రావాలి.

కన్ను మోసపోయినా చెవి మోసపోదు. గొంతు దిగకముందే వాక్యాన్ని కోస్తే మాట గాల్లో వేలాడుతుంది. వెనక మగ్గం చప్పుడు కూడా తెగుతుంది. అందుకే షూటింగ్‌లోనే, ఎవరూ మాట్లాడకుండా ఆ గది శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసుకుని అతుకుల కింద పరుస్తారు.

ఆ రెండో మాట అమ్మ గురించి కాక భార్య గురించి అన్నదైతే మాత్రం, ఎంత చక్కగా అతికినా దాన్ని తీసెయ్యాల్సిందే.