గీతల్లో చేరిన పసుపు

మా బాత్‌రూమ్ నేలమీద అడుగున్నర పలకల టైల్స్ వేసి పదకొండేళ్లయింది. టైల్స్ ఇప్పటికీ బాగానే ఉన్నాయి. వాటి మధ్య మేస్త్రీ వైట్ సిమెంటుతో నింపిన గీతలు మాత్రం షవర్ కింద పసుపుపచ్చగా, తలుపు దగ్గర తెల్లగా, స్నానపు పీట వేసుకునే మూల గోధుమరంగులో ఉండేవి. పండక్కి ముందు ఒకసారి యాసిడ్ పోసి చీపురుతో రుద్దడం, రెండు నెలలు తెల్లగా ఉంటే సంతోషించడం, మళ్లీ పచ్చబడితే మళ్లీ యాసిడ్ తెప్పించడం కొన్నేళ్లపాటు మా ఇంట్లో ఆనవాయితీ. పక్క గదిలో పగిలిన టైల్ మార్చడానికి వచ్చిన మేస్త్రీ ఒకరు మా నేల చూసి, వంగి, తాళంచెవి కొనతో ఒక గీతను గీకారు. తెల్లటి పొడి రాలింది. “యాసిడ్ కొడతారా అమ్మా? అది మురికిని తియ్యదు. సిమెంటునే తినేస్తుంది. పైపొర పోయి లోపలి తెలుపు బయటపడితే మనం శుభ్రమైందనుకుంటాం,” అన్నారు.

ఆ మాట అక్షరాలా నిజం. సిమెంటులో ఉన్నది ప్రధానంగా సున్నపు పదార్థం. సున్నం మీద యాసిడ్ పడితే బుస్సున పొంగి కరిగిపోతుంది. కరిగిన చోట గీత గరుకుగా, చిల్లులు చిల్లులుగా మిగులుతుంది. నున్నటి గీత మీద నిలవని సబ్బు, నూనె ఆ చిల్లుల్లో హాయిగా కూర్చుంటాయి. యాసిడ్ వాడిన ప్రతిసారీ పచ్చదనం ఇంకాస్త తొందరగా తిరిగి రావడానికి కారణం ఇదే.

ఇంతకీ ఆ పచ్చదనం ఏమిటి? ఎక్కువ ఇళ్లలో అది సబ్బు, ఒంటి జిడ్డు, నీళ్లలోని సున్నం కలిసి కట్టిన పొర. బోరు నీళ్లలో సబ్బు సరిగా నురగ రాకపోవడం మనందరికీ తెలిసిందే. నురగ కాకుండా పోయిన ఆ సబ్బు నీళ్లలోని కాల్షియంతో కలిసి, జిగురు తెట్టులా మారి గీతలకు అతుక్కుంటుంది. బకెట్ లోపల చేతికి తగిలే జిడ్డుగీత కూడా అదే. దానికి తోడు తలంటు నూనె, నలుగుపిండి, మా అత్తయ్యగారు ఇప్పటికీ స్నానానికి ముందు రాసుకునే పసుపు. టైల్ మెరుపుపూత ఇవేవీ పీల్చుకోదు. గీత మాత్రం సన్నటి రంధ్రాలున్న సిమెంటు కాబట్టి వచ్చినదంతా పీల్చుకుంటుంది. గీత టైల్ కన్నా కాస్త పల్లంగా ఉంటుంది కనుక చివరి మురికినీళ్లు ఆగి ఆరేది కూడా అక్కడే.

వంటసోడా ఇక్కడ చేసే పని చిన్నది, కానీ పనికొచ్చేది. అది తెల్లబరచదు. సిమెంటు కన్నా మెత్తటి నలుసు కాబట్టి గీతను గీకకుండా పైనున్న జిడ్డును రుద్ది లేపుతుంది. కొద్దిపాటి క్షారగుణం జిడ్డును వదులు చేస్తుంది. మూడు చెంచాల సోడాకి ఒక చెంచా నీళ్లు కలిపితే దోసెపిండి కన్నా గట్టిగా, వేలితో రాస్తే నిలిచే ముద్ద వస్తుంది. గీతల్ని ముందు మామూలు నీళ్లతో తడిపి, ఆ ముద్ద రాసి, పది పదిహేను నిమిషాలాగి, పాత టూత్‌బ్రష్‌తో గీత వెంబడి రుద్దాలి. ఇనుప పీచు, వైరు బ్రష్ వద్దు. వాటి రజను గీతలో ఇరుక్కుని తుప్పు మరక వేస్తుంది. ఏడాదిలోపు పట్టిన పల్చటి పచ్చదనమైతే ఇంతటితో పోతుంది.

ఈ ముద్ద మీద వెనిగర్ పోయమని చాలామంది చెబుతారు. బుస్సుమని పొంగితే మురికి కదులుతోందని అనిపిస్తుంది. నిజానికి వెనిగర్ పులుపు, సోడా క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చివరికి మిగిలేది ఉప్పునీళ్లలాంటి ద్రవం. పైగా సోడాకి మించి పడ్డ వెనిగర్, యాసిడ్‌లాగే, కాస్త నెమ్మదిగా సిమెంటును తింటుంది.

మా ఇంట్లోలాగా ఏళ్లతరబడి లోపలికి ఇంకిన రంగుకి సోడా చాలదు. అది రుద్దితే పోయేది కాదు, రంగును విరగ్గొట్టాలి. ఆ పని చేసేది ఆక్సిజన్ బ్లీచ్. పేరు కొత్తగా ఉన్నా పదార్థం మనకు పరిచయమే. బట్టల మరకలు తీయడానికని డబ్బాల్లో అమ్మే తెల్లపొడుల్లో చాలావాటిలో ఉండేది ఇదే. డబ్బా వెనక సోడియం పెర్కార్బొనేట్ అని ఉందో లేదో చూసి తీసుకోవాలి. మున్సిపాలిటీవాళ్లు కాలవల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్ వేరు, అది క్లోరిన్ సరుకు. పెర్కార్బొనేట్ నీళ్లలో పడగానే రెండుగా విడిపోతుంది. ఒకటి బట్టలసోడా, అది జిడ్డును కరిగిస్తుంది. రెండోది హైడ్రోజన్ పెరాక్సైడ్, అది రంగునిచ్చే పదార్థాన్ని విరగ్గొట్టి, చివరికి ఆక్సిజన్, నీళ్లుగా మిగులుతుంది. క్లోరిన్ ఘాటు ఉండదు.

మా బాత్‌రూమ్ సుమారు అయిదడుగులకు ఏడడుగులు. మూడు లీటర్ల నీళ్లు, లీటరుకి రెండు పెద్ద చెంచాల చొప్పున ఆరు చెంచాల పొడి సరిపోయాయి. నీళ్లు చేయి పెడితే చురుక్కుమనేంత వేడిగా ఉండాలి. చన్నీళ్లలో ఈ పొడి బద్ధకంగా పనిచేస్తుంది. ఇంకో సంగతి నాకు మొదటి ప్రయత్నం పాడయ్యాకే తెలిసింది. బోరు నీళ్లలో ఇనుము ఉంటే అది పెరాక్సైడ్‌ను గీత మీదికి చేరకముందే బకెట్‌లోనే విరగ్గొట్టేస్తుంది. పొడి కలపగానే గబగబా బుడగలొచ్చి, కాసేపటికి చప్పబడితే అనుమానించాల్సింది అదే. రెండోసారి వంటకు పట్టుకున్న మంజీరా నీళ్లతో కలిపాను. అవి లేనివాళ్లు ఫిల్టర్ నీళ్లు వాడుకోవచ్చు.

చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి, నేల మూలనుంచి మొదలుపెట్టి గీతలన్నీ మునిగేలా పోశాను. ఆ తర్వాత చేయాల్సింది ఆగడమే. అరగంట నుంచి గంట. బ్రష్ కన్నా ఈ గంటే ముఖ్యం. ఆరిన పొడి ఏ పనీ చేయదు కాబట్టి ఆరుతున్న చోట మళ్లీ కొంచెం పోస్తూ ఉండాలి. గోడ గీతల మీద నీళ్లు నిలవవు. అక్కడ పెర్కార్బొనేట్, వంటసోడా సమంగా తీసుకుని కొద్దిపాటి వేడినీళ్లతో ముద్ద చేసి రాసి, పైన పాలిథిన్ కవరు అంటించాలి. కలిపిన నీళ్లు మిగిలితే పారబోయాలి తప్ప సీసాలో పోసి మూత బిగించకూడదు. లోపల పుట్టే ఆక్సిజన్ ఒత్తిడికి సీసా పగులుతుంది. ఇది వేసిన నేలమీద అదే పూట యాసిడ్ గానీ బాత్‌రూమ్ క్లీనర్ గానీ పోయకూడదు. బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ పోయడమైతే ఎప్పుడూ చేయకూడని పని. అందులోంచి వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాలుస్తుంది.

పోసిన రెండు నిమిషాలకి నేను గాభరా పడ్డాను. పీట వేసే మూల గీతలు ఎర్రగా మారాయి! పొడి ఏదో నాశనం చేసిందని నీళ్లు పోయబోతుంటే, గుమ్మంలో నిలబడ్డ అత్తయ్యగారు చూసి, “అయ్యో, అది పారాణి రంగే కదమ్మా,” అన్నారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది కదా. పసుపులోని రంగుకి క్షారం తగిలితే ఎరుపెక్కడం దాని స్వభావం. పెర్కార్బొనేట్ నీళ్లు వంటసోడా కన్నా బాగా ఎక్కువ క్షారం కాబట్టి గీతలో దాగిన పసుపంతా ఒక్కసారి బయటపడింది. అలా ఎర్రబడితే అక్కడున్నది పసుపేనని తెలిసిపోతుంది. భయపడి కడిగేస్తే రంగు లోపలే ఉండిపోతుంది. తడిగా ఉంచితే ముప్పావుగంటలో ఆ ఎరుపు లేత గోధుమరంగుకి దిగింది. మిగిలిన ఛాయను కిటికీలోంచి పడే ఎండ వారంలో తీసేసింది. పసుపు రంగు ఎండకు నిలవదని బట్టలు ఆరేసేవాళ్లకి చెప్పక్కర్లేదు.

గంట తర్వాత గీతల వెంట ఒక్కసారి బ్రష్ నడిపితే నీళ్లు టీ రంగులోకి వచ్చాయి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఆ నీళ్లను చీపురుతో తూముకేసి తోసి వదిలేయడం. గీత పల్లంలో మిగిలిన మురికినీళ్లు అక్కడే ఆరి, తీసిన రంగే తిరిగి అంటుకుంటుంది. రెండుసార్లు మంచినీళ్లు పోసి, ప్రతిసారీ పాత తువ్వాలుతో ఒత్తి పీల్చేయాలి. ఆరాక టైల్ మీద తెల్లటి బూడిదలాంటి పూత కనిపిస్తే, పొడిలోని బట్టలసోడా నీళ్లలోని సున్నాన్ని పట్టుకుని పడేసిందన్నమాట. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. తడి గీత ఎప్పుడూ ముదురుగానే కనబడుతుంది కనుక ఎంత తెల్లబడిందో మర్నాడే చూడాలి. మా షవర్ కింద గీతలు మర్నాటికి తలుపు దగ్గరివాటితో దాదాపు కలిసిపోయాయి.

కుళాయి కింద ఒక జానెడు మాత్రం అలాగే ఉంది. నారింజరంగు చార, నీటిచుక్క పడే చోట మొదలై తూము వైపు సాగింది. అది పసుపు కాదు, సబ్బూ కాదు, తుప్పు. బోరు నీళ్లలోని ఇనుము గాలి తగిలి గడ్డకట్టినది. ఆక్సిజన్ బ్లీచ్ దాన్ని కదపలేదు, ఎందుకంటే తుప్పంటేనే ఆక్సిజన్ పట్టిన ఇనుము. బకెట్ అడుగున కూడా అదే రంగు ఉంటే అనుమానం అక్కర్లేదు. ఇక్కడ ఒక్కచోటే పులుపుకి పని ఉంది. ఆక్సిజన్ బ్లీచ్ పూర్తిగా కడిగి ఆరిన మరో రోజున, గీతను ముందు నీళ్లతో నానబెట్టి, పావు గ్లాసు నీళ్లలో ఒక చెంచా నిమ్మఉప్పు కలిపి, దూదితో ఆ చార మీద మాత్రమే అద్ది, అయిదు నిమిషాల్లో కడిగేశాను. నానిన సిమెంటు పులుపును లోపలికి తక్కువ పీల్చుకుంటుంది. చార సగానికి తగ్గింది. రెండోసారి చేయలేదు, సిమెంటు పోగొట్టుకోవడం ఇష్టం లేక. కారే కుళాయికి వాషర్ మార్పించాను.

మేస్త్రీ తాళంచెవితో గీకి చూపిన గీతలు రెండు మిగిలాయి. తెల్లబడ్డాయి గానీ వేలితో నొక్కితే పొడి రాలుతోంది, ఒకచోట టైల్ అంచు దగ్గర సన్నటి సందు పడింది. ఏ పొడీ దాన్ని నింపలేదు. ఆ సందులోంచి దిగే నీళ్లే కింది ఫ్లాటు సీలింగు మీద చెమ్మగా తేలతాయి. ఆయన్నే మళ్లీ పిలిచి ఆ రెండు గీతలూ తవ్వించి కొత్త గ్రౌట్ పెట్టించాను. మిగతావి బాగా ఆరాక వాటి మీద ఒక నీటిచుక్క వేసి చూశాను. నిమిషంలో ఇంకి మచ్చ పడింది, అంటే గీత ఇంకా పీలుస్తోంది. పెయింటు దుకాణంలో దొరికే గ్రౌట్ సీలర్‌ను సన్నటి బ్రష్‌తో రెండు పూతలు వేశాను. ఇప్పుడు చుక్క ముత్యంలా నిలబడుతోంది. అత్తయ్యగారి పసుపు డబ్బా కిటికీలో ఎక్కడుండేదో అక్కడే ఉంది.