సాక్షికి వెళ్లే ఉత్తరం

పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే కమిటీ ముందుకు రావాల్సింది ఫిర్యాదు చేసిన మహిళ, ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషి మాత్రమే కాదు. ఆ సమయంలో అటుగా వెళ్లినవాళ్లు, ఆమె కంగారుగా బయటికి రావడం చూసినవాళ్లు, ఆ రాత్రే ఆమె ఫోన్ చేసి చెప్పుకున్నవాళ్లు కూడా రావాలి. నాలుగు గోడల మధ్య జరిగిన విషయాల్లో చాలాసార్లు వీళ్ల మాటే ఆధారం. వీళ్లకు మొదట అందేది ఒక ఉత్తరం. ఆ మనిషి వచ్చి చూసింది చెబుతాడా, లేక ‘నేనేమీ గమనించలేదండీ’ అని తప్పుకుంటాడా అన్నది చాలావరకు ఆ ఒక్క కాగితంతోనే తేలిపోతుంది.

2013 చట్టం ప్రకారం పదిమందీ అంతకన్నా ఎక్కువమందీ పనిచేసే ప్రతిచోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి. సాక్షులను పిలిపించడంలో, ప్రమాణం చేయించి విచారించడంలో, కాగితాలు తెప్పించడంలో ఈ కమిటీకి సివిల్ కోర్టుకున్న అధికారమే ఉంది. సాక్షులు హాజరయ్యేలా చూడటంలో యాజమాన్యం సాయపడాలని కూడా చట్టం చెబుతోంది. ఆ ధీమాతోనే కొన్ని కమిటీలు ‘ఫలానా తేదీన హాజరు కావలెను, లేనిచో చర్య తీసుకొనబడును’ అని రెండు లైన్లు రాసి పంపేస్తాయి. ఆ ఉత్తరం అందుకున్నవాడు వస్తాడు, కానీ నోరు విప్పడు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఊరి శివార్లలో మందుల ఫ్యాక్టరీ. ప్యాకింగ్‌లో పనిచేసే మహిళ తన షిఫ్ట్ ఇన్‌ఛార్జి మీద ఫిర్యాదు ఇచ్చింది. రాత్రి షిఫ్టులో స్టోర్ రూమ్ దగ్గర జరిగిన సంగతి అది. ఆ సమయంలో అక్కడ అట్టపెట్టెలు మోస్తున్న కుర్రాడు కాంట్రాక్టు కార్మికుడు. అతనికి ఏ రోజు ఏ డ్యూటీయో, ఎన్ని గంటల ఓటీయో రాసేది కూడా ఆ ఇన్‌ఛార్జే. ఇప్పుడు ఈ కుర్రాడికి ఉత్తరం రాయాలి.

అది ఎవరి చేతుల మీదుగా వెళ్లాలన్నది మొదటి ప్రశ్న. మామూలు సర్క్యులర్లలా ఇన్‌ఛార్జి ద్వారా పంపితే విచారణ అక్కడే చెడిపోతుంది. కమిటీ సభ్యురాలే పిలిచి మూసిన కవర్లో ఇవ్వాలి, చదువు రాకపోతే పక్కన కూర్చుని చదివి వినిపించాలి. ఉత్తరంలో ఫిర్యాదు సారాంశం రాయకూడదు. ‘ఫలానా వారం రాత్రి షిఫ్టులో స్టోర్ రూమ్ దగ్గర మీరు చూసినవి, విన్నవి తెలుసుకోవాలనుకుంటున్నాం’ అంటే చాలు. ఎవరు ఎవర్ని ఏమన్నారో ముందే రాసిచ్చేస్తే, తర్వాత అతను చెప్పేది చూసిందో ఉత్తరంలో చదివిందో ఎవరూ తేల్చలేరు. విచారణకు వచ్చిన సమయం డ్యూటీ కిందే లెక్క, కూలి కోత ఉండదు అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. రోజుకూలి మీద బతికేవాడికి అది చిన్న విషయం కాదు.

ఎక్కువ తప్పులు దొర్లేది గోప్యత దగ్గర. ‘మీ పేరు ఎవరికీ తెలియనివ్వం’ అని రాయడం తేలిక, కానీ ఆ మాట నిలబెట్టుకోవడం కమిటీ చేతుల్లో లేదు. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి తన మీద ఎవరు ఏం చెప్పారో తెలుసుకుని జవాబు చెప్పుకునే హక్కుంది. స్టోర్ రూమ్ దగ్గర ఆ వేళ ఉన్నది ఒక్క కుర్రాడే అయితే, పేరు కొట్టేసినా అది ఎవరి వాంగ్మూలమో ఇన్‌ఛార్జి ఇట్టే పోల్చుకుంటాడు. అందుకే ఉత్తరం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసిన మహిళ, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి, సాక్షుల పేర్లు, చిరునామాలు, విచారణలో జరిగినవి పత్రికలకు గానీ బయటి జనానికి గానీ తెలియనివ్వకూడదు. విచారణ బాధ్యత ఉన్నవాళ్లే బయటపెడితే సర్వీసు నిబంధనల ప్రకారం శిక్ష, అలాంటి నిబంధనలు లేనిచోట ఐదు వేల రూపాయల జరిమానా. ఇంత చెప్పాక, ‘న్యాయంగా విచారణ జరగడానికి అవసరమైన మేరకు మీ మాటలు అవతలి వ్యక్తికి తెలుస్తాయి’ అని కూడా రాయాలి. ఈ వాక్యం చదివి ఆ కుర్రాడు జంకవచ్చు. కానీ దాచిపెట్టి రప్పించడం మోసం. పైగా సంగతి బయటపడ్డాక ఆ ఫ్యాక్టరీలో ఇంకెవరూ కమిటీని నమ్మరు.

అతని జంకు తీర్చాల్సింది తర్వాతి పేరా. సాక్షులను వేధించకూడదు, వివక్ష చూపకూడదు అని 1997లోనే విశాఖ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. 2013 చట్టంలో మాత్రం సాక్షి మీద కక్ష సాధింపును నిషేధించే ప్రత్యేక సెక్షన్ లేదు. ఇది నిజమైన లోటు. అందుకని ఆ భారం ఉత్తరం మీద, సంస్థ నిబంధనల మీద పడుతుంది. ‘మీపై ఎలాంటి ప్రతీకార చర్యలూ ఉండవు’ అన్న పెద్ద మాటతో పని జరగదు. ఓటీ ఆపడం, షిఫ్టు మార్చడం, కష్టమైన పనికి వేయడం, కాంట్రాక్టరుతో ‘వీణ్ని రేపట్నుంచి పంపొద్దు’ అనడం, తోటివాళ్లతో మాట్లాడనివ్వకపోవడం అని విడమరిచి రాయాలి. అలా జరిగితే ఎవరికి చెప్పాలో పేరు, ఫోన్ నంబరు ఇవ్వాలి. డ్యూటీ చార్టు వేసే అధికారం కమిటీకి ఉండదు కాబట్టి ఈ హామీ కింద యాజమాన్యం తరఫున ఒకరు సంతకం పెట్టాలి, కాంట్రాక్టరుకూ రాతపూర్వకంగా తెలపాలి. అందులోనూ సాక్షి పేరు ఉండనక్కర్లేదు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, ఆ కుర్రాడి గత రెండు మూడు నెలల హాజరు, ఓటీ లెక్కలు ముందే తీసిపెట్టుకోవాలి. రేపు ఓటీ తగ్గితే పోల్చి చూడటానికి అదే ఆధారం.

ఇక మాటలు ఎలా నమోదు చేస్తారన్నది. తెలుగులో చెప్పింది తెలుగులోనే రాయాలి. ‘చెయ్యి పట్టుకుని గుంజాడు’ అని కుర్రాడు అంటే ఇంగ్లీషు రిపోర్టులో అది ‘అనుచిత ప్రవర్తన’ అనే అర్థం వచ్చే మాటగా మారిపోతుంది. అప్పుడు జరిగినదేమిటో చదివినవాడికి తెలియదు. ప్రశ్న, జవాబు రెండూ కాగితం మీద ఉండాలి. చివర్లో అంతా చదివి వినిపించాలి, తప్పుంటే అతను దిద్దించుకోవాలి, దిద్దిన చోటా ప్రతి పేజీ కిందా సంతకమో వేలిముద్రో వేయాలి. ఆడియో తీస్తుంటే ఆ సంగతి ముందే ఉత్తరంలో చెప్పాలి. ‘తెలియదు’, ‘గుర్తులేదు’ అన్నవి కూడా సరైన జవాబులేనని రాయడం మంచిది. ఎందుకంటే తెలిసి తెలిసి అబద్ధపు సాక్ష్యం చెబితే 14వ సెక్షన్ కింద చర్యకు కమిటీ సిఫారసు చేయవచ్చు, ఆ సంగతీ ఉత్తరంలో చెప్పాల్సిందే.

ఇన్‌ఛార్జి ఎదుటే కూర్చుని చెప్పాలా అన్నది ప్రతి సాక్షీ అడిగే ప్రశ్న. రాంచీలోని రాజేంద్ర మెడికల్ కాలేజీలో కొందరు విద్యార్థులు రాత్రిపూట అమ్మాయిల హాస్టల్ ఆవరణలోకి చొరబడిన ఉదంతంలో అమ్మాయిల వాంగ్మూలాలను నిందితులు లేకుండానే తీసుకున్నారు. నిందితులకు ఆరోపణ చెప్పి, జవాబిచ్చుకునే అవకాశం ఇచ్చారు కాబట్టి ఆ పరిస్థితిలో అది అన్యాయం కాదని 1973లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇప్పుడు చాలా కమిటీలు అవతలి వ్యక్తి ప్రశ్నలను రాతపూర్వకంగా తీసుకుని తామే సాక్షిని అడుగుతున్నాయి. ఉత్తరంలో ఈ పద్ధతి రాసి ఉంటే సగం భయం పోతుంది.

తేదీల విషయంలో తొందర పనికిరాదు. విచారణకు చట్టం 90 రోజుల గడువిచ్చింది. గోవా యూనివర్సిటీలో 2009లో వచ్చిన ఫిర్యాదులపై కమిటీ హడావిడిగా విచారణ ముగించి, అవతలి వ్యక్తికి తగిన అవకాశం ఇవ్వలేదని 2023లో సుప్రీంకోర్టు ఆ చర్యను కొట్టేసి, విచారణ మళ్లీ జరపమంది. అన్నేళ్ల తర్వాత ఆ ఫిర్యాదు చేసిన విద్యార్థినులూ, సాక్షులూ మళ్లీ మొదటికి రావాల్సిన పరిస్థితి. కాబట్టి ఆ కుర్రాడికి కనీసం నాలుగైదు రోజుల ముందు ఉత్తరం అందాలి, ఆ తేదీ కుదరకపోతే మరో తేదీ అడిగే వీలుండాలి. వాంగ్మూలం ఇచ్చి వెళ్లాక ఏదైనా గుర్తొస్తే ఎవరి దగ్గరికి వచ్చి చేర్పించుకోవాలో కూడా చివరి లైన్లో రాసిపెట్టాలి.