కారు ధర తగ్గింది, పార్టుల ధర తగ్గలేదు

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 2013 మోడల్ బీఎమ్‌డబ్ల్యూ 320డి, డీజిల్, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది, ఢిల్లీ రిజిస్ట్రేషన్, అడుగుతున్నది 7.5 లక్షలు. కొత్త చిన్న కారు డబ్బుకే ఇది వస్తుంటే ఎందుకు వదులుకోవాలన్నావు. ఫోన్లో అయితే మాటామాటా పెరుగుతుందని మెయిల్ రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఆటోనగర్‌లో ఇన్నేళ్లు పార్టుల కొట్టు నడిపినవాణ్ణి, ఒక్క సంగతి ముందే చెబుతాను. ఇది కొత్తలో 30 లక్షలు దాటిన కారు. ఇప్పుడు దాని రేటు నాలుగో వంతుకు పడిపోయింది. దాని ఇంజెక్టరు రేటు, టర్బో రేటు, హెడ్‌లైటు రేటు మాత్రం పడలేదు. నువ్వు కొనేది ఏడున్నర లక్షల కారునే, పోషించాల్సింది ముప్పై లక్షల కారును. పైగా ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద పెట్టిన ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పటి నుంచి అక్కడ పాత డీజిల్ కార్లకు గిరాకీ పడిపోయి, అవి మన వైపు వస్తున్నాయి. ఇంత చవగ్గా దొరకడానికి అదీ ఒక కారణం.

నన్ను ఎక్కువ భయపెడుతున్నది టైమింగ్ చైన్. ఎన్47 అనే ఈ డీజిల్ ఇంజన్‌లో చైన్ ముందు వైపు ఉండదు, వెనక గేర్‌బాక్సు వైపు ఉంటుంది. చైన్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు అరిగితే చైన్ వదులవుతుంది. తెగిందంటే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది. 2007 నుంచి వచ్చిన తొలి ఇంజన్లలో ఈ రోగం ఎక్కువగా కనిపించింది. తర్వాత వాటిలో మార్పులు చేశారు గానీ చైన్ ఉన్న చోటు మారలేదు. అందుకని చైన్ మార్చాలంటే గేర్‌బాక్సో ఇంజనో కిందికి దించాల్సిందే. పార్టుల కంటే దించి ఎక్కించే పనికే ఎక్కువవుతుంది. నాకు తెలిసిన మెకానిక్ అంతా కలిపి 2 లక్షలు అనుకోమన్నాడు.

రెండోది గేర్‌బాక్సు. అందులోని ఆయిల్ కారు ఉన్నంతకాలం మార్చనక్కర్లేదని చాలామంది నమ్ముతారు. కానీ ఆ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ను తయారు చేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఆ గేర్‌బాక్సు అడుగున ఉండే ప్లాస్టిక్ ప్యాన్‌లోనే ఫిల్టరు కలిసిపోయి ఉంటుంది. కాబట్టి ఫిల్టరు మార్చాలంటే ప్యాన్ మొత్తం మార్చాలి, ఆయిల్ కూడా దానికి చెప్పినదే పోయాలి. అదో 50,000. ఆయిల్ మార్చిన బిల్లు లేకపోతే, ఆ పని నీ కోసమే మిగిల్చారనుకో.

టైర్లు గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ రకం. నాలుగూ మార్చాలంటే 80,000 పెట్టుకో. ఇప్పుడు లెక్క చూడు: ఏడున్నర లక్షలకు ఈ మూడూ కలిపితే 10.8 లక్షలు. ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ, హైదరాబాద్‌లో కట్టే లైఫ్ టాక్స్ ఇందులో కలపలేదు. అదెంతవుతుందో ఆర్టీఓ ఆఫీసులో ముందే కనుక్కో. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే గనక రెన్యువల్ కూడా ఎంతో దూరంలో లేదు.

నేను భయపడేది కిలోమీటర్లకు కాదు. 1,40,000 తిరిగి, చేసిన ప్రతి సర్వీసుకూ కాగితం ఉన్న కారు మంచిదే. 70,000 అని మీటరు చూపించి కాగితం ఒక్కటీ లేని కారు కంటే నేను దాన్నే నమ్ముతాను. మీటరు తిప్పేస్తారు, కానీ కిలోమీటర్ల లెక్క కారులో ఒక్క మీటరులోనే ఉండదు. స్కానరు పెట్టి మిగతా చోట్ల ఎంత చూపిస్తోందో పోల్చమని అడుగు.

చూడ్డానికి వెళితే పొద్దున్నే వెళ్లు. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నువ్వు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, మర్నాడు వస్తానని చెప్పి వచ్చెయ్యి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి, నువ్వు బయట నిలబడి అద్దం కింద, ఇంజన్ వెనక భాగం వైపు చెవి పెట్టు. 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య చైన్ గీసుకుంటున్నట్టు గరగరమంటే అక్కడితో ఆ కారు వద్దు. తర్వాత బండి నడిపి, ట్రాఫిక్‌లో ఆగే ముందు గేరు దిగేటప్పుడు కుదుపు వస్తోందేమో చూడు.

ఈ లోపు అడ్వాన్సు మాత్రం ఇవ్వకు. సర్వీసు కాగితాలు ఫొటో తీసి పంపు, గేర్‌బాక్సు ఆయిల్ బిల్లు ఉందో లేదో నేను చూస్తాను.

నాన్న